కాటా మీద తడి, కాగితం మీద పొడి

మన పట్టణాల్లో నీటికి ఒక విచిత్రమైన హోదా ఉంది. కొళాయిలో రాకపోతే దానికోసం బిందెలతో ధర్నాలు జరుగుతాయి. చెత్తలో వస్తే మాత్రం దానికి బిల్లులు పాసవుతాయి.

నమ్మకపోతే ముసురు పట్టిన ఆగస్టు ఉదయం ఏదైనా డంపింగ్ యార్డు కాటా దగ్గర నిలబడి చూడండి. టిప్పర్ వచ్చి కాటా ఎక్కుతుంది. వెనక తలుపు సందులోంచి నల్లటి రసం ధారకట్టి పలక మీద మడుగవుతుంది. గుమాస్తా ముక్కుకు కర్చీఫు కట్టుకుని తాపీగా కూర్చుంటాడు. తొందరంతా డ్రైవరుదే. "తొందరగా స్లిప్పు కొట్టన్నా, కారిపోతాంది" అంటాడు. అతను చెప్పేది వాసన సంగతి కాదు. టన్నుకింత అని రాసుకున్న ఒప్పందంలోంచి కిలోలు కారిపోతున్నాయని అతని బాధ.

ఇప్పుడు అదే టిప్పర్‌లోంచి ఒక సంచీడు చెత్త పరీక్షకు వెళ్తుంది. ఇది మండుతుందా, సిమెంటు కిలనుకు పనికొస్తుందా, కరెంటు ప్లాంటు బాయిలరుకు పనికొస్తుందా అని తేల్చే పరీక్ష. నాలుగు రోజులకు కాగితం వస్తుంది. అందులో కెలోరిఫిక్ వాల్యూ 4,200 అని ఉంటుంది, అంటే కిలో చెత్తకు 4,200 కిలో కేలరీల వేడి. మన థర్మల్ ప్లాంట్లలో పోసే దేశవాళీ బొగ్గులో చాలా రకాలు ఆ అంకెను చూసి సిగ్గుతో తల దించుకోవాలి. కాటా మీద కారిన నల్లరసం ఏమైంది? ఎక్కడికీ పోలేదు. డబ్బు లెక్కలో తడిగా ఉంది, మంట లెక్కలో పొడిగా ఉంది. మాయాబజార్‌లో ఘటోత్కచుడికి కూడా రెండు రూపాలు వేయడానికి కాస్త సమయం పట్టింది. చెత్తనీటికి ఆ శ్రమ కూడా లేదు.

నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఇంధన ల్యాబులో చాలా ఏళ్లు బొగ్గునూ, ఊకనూ, చివరికి చెత్తనూ కాల్చి లెక్కలు రాసినవాణ్ణి. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. పేరు చెబితే మిగతావాళ్లు తమది కాదులే అని నిమ్మళంగా నిద్రపోతారు. ఒకసారి ఒక పట్టణం నుంచి మా దగ్గరికి చెత్త పరీక్షకు ఒక ఇంజనీరు గారు వచ్చారు. సంచీ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి మెల్లగా అడిగారు.

"ఎంత వస్తుందంటారు?"

"కాల్చి చూద్దాం సార్. ఎంత వస్తే అంత."

"అబ్బే, చూడ్డానికేముందండీ. డీపీఆర్‌లో మూడువేల పైచిలుకు అని రాసేశాం. దానికి తగ్గకుండా చూడండి."

సంచీ విప్పాను. లోపల అట్టముక్కలు, బిస్కెట్ పొట్లాలు, కొబ్బరిపీచు, గుడ్డపేలికలు. అరటితొక్క ఒక్కటీ లేదు. సాంబారు మెతుకు లేదు. డైపర్ లేదు. ఆ పట్టణంలో జనం భోంచేయరేమో, పిల్లలే పుట్టరేమో అనిపించింది. పెళ్లిచూపులకు పిల్ల బదులు ఫోటో స్టూడియోవాడు దిద్దిన ఫోటో పంపినట్టుంది వ్యవహారం.

తరవాత తెలిసింది, సంచీ నింపింది మేస్త్రీ. అతని తప్పేమీ లేదు. "ల్యాబుకు పంపాలి, శుభ్రమైంది చూసి పెట్టు" అన్నారట పైవాళ్లు. చెత్తలో శుభ్రమైనది చూసి పెట్టమంటే ఎవరైనా అదే చేస్తారు.

పద్ధతి ప్రకారం జరగాల్సింది వేరు. వచ్చిన లారీల్లో కొన్నింటిని కళ్లు మూసుకుని ఎంచుకోవాలి. హోటళ్ల వీధి లారీ, కాలనీ లారీ, రైతుబజారు లారీ అన్నీ అందులో పడాలి. సిమెంటు గచ్చు మీదో పట్టా మీదో కుమ్మరించి, పారలతో కలిపి, శంకువులా పోగు పెట్టి, నెత్తి చదును చేసి, దోశెను కోసినట్టు నాలుగు ముక్కలు చేయాలి. ఎదురెదురు రెండు ముక్కలు తీసేయాలి. మిగిలిన రెండింటినీ మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. పెద్ద పోగు మోయగలిగే సంచీ అయ్యేదాకా ఇదే పని. ఆ సంచీని గాలి చొరకుండా బిగించి, అక్కడికక్కడే తూచి, తూకం సంచీ మీద రాయాలి. ఆ తూకమే కీలకం. దారిలో తడి ఆరినా, సంచీ గోడలకు బొట్లుగా అంటుకున్నా, ఆ తూకం దగ్గర్నుంచే లెక్క మొదలవుతుంది. తూకం రాయని సంచీ వస్తే ఏ ల్యాబు దేవుడూ అందులో మొదట ఎంత నీరుండేదో చెప్పలేడు.

ఇందులో నవ్వొచ్చే ఇబ్బంది ఒకటుంది. బొగ్గునైతే నాలుగు భాగాలు చేయొచ్చు. తాగి పారేసిన కొబ్బరి బొండాన్ని ఏం చేస్తారు? రెండు కిలోల తడి పీచు అది. అది ఉన్న భాగంలో తడి అరవై దాటుతుంది, లేని భాగంలో నలభై రాదు. డైపర్ దానికి అక్క. నీటిని పట్టి ఉంచడానికే పుట్టిన వస్తువది, ఓవెన్లో పెట్టినా ఒక పట్టాన వదలదు. అందుకే చెత్త శాంపిల్ పెద్దదిగా ఉండాలి, పదేపదే తీయాలి, రోజులు మారాలి, ఋతువులు మారాలి. మనవాళ్లు మార్చేది తేదీ మాత్రమే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో శాంపిల్ తీసి, మఖా పుబ్బల్లో లారీలు పంపిస్తారు.

ఇక ల్యాబులో ఏం జరుగుతుందో చూద్దాం. మొదట తడి. చెత్తను ట్రేలలో పల్చగా పరిచి 105 డిగ్రీల ఓవెన్లో పెట్టి, తూకం ఇక తగ్గని దాకా ఉంచాలి. సాధారణంగా ఒక రాత్రీ పగలూ పడుతుంది. తగ్గిన తూకమే తడి. ఇంత తేలికైన పరీక్షలో కూడా ఒక గమ్మత్తు ఉంది. సంచీ వచ్చిన రోజు శుక్రవారం అనుకోండి. శని, ఆదివారాలు కిటికీ పక్కన ట్రేలలో పరిచి ఉంచారు. అలా గాలికి ఆరబెట్టడం తప్పు కాదు, రుబ్బడానికి అవసరమే. కాకపోతే ఆ ఆరడంలో ఎంత తూకం పోయిందో రాసుకోవాలి. సోమవారం దాన్ని రుబ్బి, అందులోంచి నాలుగు గ్రాములు తీసి ఓవెన్లో పెడితే తడి 8 శాతం వస్తుంది. అది నిజమే. కాకపోతే అది సోమవారపు నిజం. శుక్రవారపు 55 శాతంలో మిగతాది కిటికీ గుండా వెళ్లిపోయింది. రిపోర్టులో "మాయిశ్చర్: 8" అని పడుతుంది. పక్కనే చిన్న అక్షరాల్లో "ఎయిర్ డ్రైడ్ బేసిస్" అని ఉంటుంది, ఉంటే. ఆ మూడు మాటల అర్థం ఇది: మేం ఆరబెట్టుకున్నాం, తరవాత కొలిచాం, మీ లారీతో మాకు సంబంధం లేదు.

తడి తరవాత రాళ్లు. మన చెత్త లారీ అడుగున ఇసుక, పెంకు, గాజుముక్క, రోడ్డు ఊడ్చిన మట్టి తప్పనిసరి. రుబ్బే యంత్రంలోకి రాయి వెళ్తే బ్లేడు విరుగుతుంది, కాబట్టి కెమిస్టు వాటిని ఏరి పక్కన పెడతాడు. ఏరాల్సిందే. ఏరినదాన్ని తూచి, చివర్లో లెక్కలోకి తిరిగి కలపాలి కూడా. చాలాసార్లు ఆ రాళ్లు కిటికీ కింద గుట్టగా మిగిలిపోతాయి, వాటి తూకం ఏ పుస్తకంలోనూ ఉండదు. కిటికీ కింద పడిన ఆ గుట్టను చూసి ఆ ఊరి చెత్త నాణ్యత చెప్పేవాడొకడు మా అటెండరు. రిపోర్టు కన్నా అతని అంచనా దగ్గరగా ఉండేది.

ఆపైన అసలు ఘట్టం, బాంబ్ కెలోరీమీటర్. పేరుకు బాంబే గానీ మనిషి మంచిది. స్టీలు గుండులాంటి పాత్ర. అందులో చిన్న గిన్నె, గిన్నెలో బిళ్లగా నొక్కిన ఒక గ్రాము పొడి, దానికి తగిలేలా సన్నటి తీగ. మూత బిగించి, 30 వాతావరణాల పీడనంతో ఆక్సిజన్ ఎక్కించి, కొలిచి పోసిన నీళ్లలో ముంచి, కరెంటు మీట నొక్కితే లోపల భగ్గుమని క్షణంలో అయిపోతుంది. నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి కేలరీలు లెక్కకడతారు. యంత్రం సరిగా ఉందో లేదో చూడటానికి ముందుగా బెంజోయిక్ ఆసిడ్ కాలుస్తారు, దాని విలువ గ్రాముకు 6,318 కేలరీలని ప్రపంచమంతటికీ తెలుసు. అది సరిగా రాకపోతే ఆ రోజు ఇంక ఏం కాల్చినా వృథా.

ఒక్క గ్రాము! పది టన్నుల లారీకి ప్రతినిధిగా ఒక్క గ్రాము, అంటే కోటిలో ఒక వంతు. ఎమ్మెల్యే కూడా అంతమందికి ప్రతినిధి కాదు. ఆ గ్రాములో షాంపూ పొట్లం ముక్క కాస్త ఎక్కువ పడితే విలువ ఎగిరి కూర్చుంటుంది, ఎందుకంటే ప్లాస్టిక్ పల్చటి కాగితం కిలోకు పదివేల పైన ఇస్తుంది. ఆకుముక్క ఎక్కువ పడితే చతికిలబడుతుంది. పైగా ప్లాస్టిక్ రుబ్బుడు యంత్రంలో వేడికి మెత్తబడి ఉండ కడుతుంది, పొడి కాదు. మంచి ల్యాబుల్లో ద్రవ నైట్రోజన్ పోసి గడ్డ కట్టించి పగలగొడతారు. లేనిచోట కత్తెరతో కత్తిరిస్తారు, ఓపిక ఉన్నంతమేర. అందుకే ఒక గ్రాము అంకె మీద నమ్మకం ఉండదు. అదే పొడిలోంచి మూడునాలుగు సార్లు కాల్చి, అంకెలు దగ్గరగా వస్తున్నాయా అని చూడాలి. దూరంగా వస్తుంటే పొడి బాగా కలవలేదని అర్థం. అంకెల్లో పెద్దది ఎంచుకొమ్మని కాదు.

బాంబు మంచిదన్నాను గదా, ఆ మంచితనంలోనే చిక్కంతా ఉంది. మంట అయిపోయాక లోపలి వాయువు వదిలేసి మూత విప్పి చూడండి. లోపలి గోడకు చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు కనిపిస్తాయి. చెత్తలో మిగిలిన తడి, చెత్తలోని హైడ్రోజన్ కాలి పుట్టిన నీరు, రెండూ ఆవిరై, బయటికి పోయే దారిలేక, మళ్లీ నీరుగా మారి తాము తీసుకున్న వేడిని బుద్ధిగా తిరిగి ఇచ్చేశాయి. బాంబు ఆ వేడిని కూడా లెక్కలో కలుపుకుంటుంది. దాన్నే గ్రాస్ అంటారు. కిలన్‌లోనూ, బాయిలర్‌లోనూ ఆ ఆవిరి చిమ్నీలోంచి ఊరి మీదికి వెళ్లిపోతుంది, తీసుకున్న వేడిని తిరిగివ్వదు. అది తీసేసి మిగిలినదే నెట్. అప్పు తీర్చినవాడి లెక్క బాంబుది, అప్పు ఎగ్గొట్టినవాడి లెక్క చిమ్నీది. మన కాగితాల మీద ఎప్పుడూ తీర్చినవాడి లెక్కే ఉంటుంది.

ఇప్పుడు ఆ 4,200 సంగతి తేల్చుకుందాం. కాటా మీద కారుతూ వచ్చిన ఆ చెత్తలోంచి వంద కిలోలు తీసుకుందాం. అందులో నీరు 55 కిలోలు. మన వానాకాలపు కలగాపులగం చెత్తకు అది అన్యాయపు అంకేమీ కాదు. మిగిలిన 45 కిలోల పొడి సరుకులో ఏరేసిన రాళ్లూ పెంకులూ 9 కిలోలు. కాలడానికి నిజంగా మిగిలింది 36 కిలోలు. బాంబులో కాల్చి కిలోకు 4,200 తెచ్చింది ఈ 36 కిలోల సరుకే, అది కూడా ఎముకలా ఎండాక. అంకె అబద్ధం కాదు. వందలో మూడోవంతు కాస్త మించిన భాగానికి చెందిన నిజం అది.

ఆ సరుకులో హైడ్రోజన్ ఆరు శాతం అనుకుంటే, అది కాలి నీరై ఆవిరైపోవడానికి కిలోకు 315 దాకా పోతుంది. మిగిలేది 3,885. దాన్ని 36తో హెచ్చిస్తే 1,39,860 కిలో కేలరీలు. రాళ్లు ఏమీ ఇవ్వవు. నీరు ఇవ్వకపోగా తీసుకుంటుంది, కిలో నీరు ఆవిరవడానికి 584 కావాలి. 55 కిలోలకు 32,120. తీసేస్తే 1,07,740 మిగిలింది. దాన్ని వంద కిలోలకు పంచితే కిలోకు 1,077.

4,200 బయల్దేరింది, గమ్యం చేరేసరికి 1,077 అయింది. దారిలో ఎవరూ దొంగిలించలేదు.

ఈ 1,077 ఎక్కువా తక్కువా? 1999లో ప్రపంచ బ్యాంకు పురపాలక చెత్త దహనం మీద వేసిన మార్గదర్శి ఒకటుంది. ప్లాంటుకు వచ్చే చెత్త నెట్ విలువ ఏడాది సగటున కిలోకు 7 మెగాజౌళ్లు ఉండాలి, ఏ ఋతువులోనూ 6కు తగ్గకూడదు అన్నారు అందులో. 6 అంటే మన లెక్కలో 1,430 చిల్లర. "ఏ ఋతువులోనూ" అన్న మాటే మనవాళ్లకు చేదు. ఇంకా పాతది టానర్ అనే ఆయన గీసిన త్రికోణం. తడి 50 శాతం దాటకుండా, బూడిద 60 దాటకుండా, కాలే సరుకు 25కు తగ్గకుండా ఉంటేనే చెత్త వేరే ఇంధనం సాయం లేకుండా తనంతట తాను మండుతుందని దాని సారం. మన చెత్తకు బూడిద హద్దూ, కాలే సరుకు హద్దూ అడ్డం రావు. తడి దగ్గరే ఇరుక్కుంటుంది. పరీక్షలో అన్ని సబ్జెక్టులూ పాసై లెక్కల్లో తప్పే పిల్లాడి లాంటిది మన చెత్త.

మన నియమాల్లోనూ అంకె రాశారు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఏమన్నాయంటే, రీసైకిల్ కాని చెత్తలో కెలోరిఫిక్ విలువ 1,500 గానీ అంతకు మించి గానీ ఉన్నది గుంతలో పూడ్చకూడదు, శక్తికే వాడాలి. మంచి మాట. కానీ ఆ వాక్యంలో తడిమీదా పొడిమీదా, గ్రాసా నెట్టా అన్న ఊసు లేదు. మా వంద కిలోల చెత్తనే చూడండి. రాళ్లు ఏరి ఎండబెట్టి బాంబులో వేస్తే 4,200తో నియమానికి నమస్కారం పెట్టి కిలనులోకి వెళ్తుంది. వచ్చింది వచ్చినట్టు కొలిస్తే 1,077తో గుంతలోకి వెళ్తుంది. ఒకే చెత్త, ఒకే చట్టం, కెమిస్టు ఎటు కూర్చున్నాడన్నదే తేడా. 2018లో కేంద్రం చెత్త ఇంధనానికి గ్రేడులు పెట్టినప్పుడు తడికీ హద్దులు రాసింది. అంటే అడిగేవాడికి దారి లేకపోలేదు. అడిగేవాడే లేడు.

ఈ కథ మనతో మొదలవలేదు. 1987లో ఢిల్లీలో తిమార్‌పూర్ అనే చోట డెన్మార్కు పరిజ్ఞానంతో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. రోజుకు 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు ఇవ్వాలి. చెత్త విలువ కిలోకు 1,460 దాకా ఉంటుందని అనుకుని యంత్రాలు గీశారు. తీరా వచ్చినదాని విలువ అందులో సగం కూడా లేదు, ఆరేడు వందల దగ్గర ఆడింది. ప్లాంటు నడిచింది 21 రోజులు. అత్తారింటికి వెళ్లిన అల్లుడు కూడా పండక్కి అంతకన్నా ఎక్కువ రోజులుంటాడు.

డెన్మార్కు ఇంజనీర్లను తిట్టి లాభం లేదు. వాళ్ల ఊళ్లో చెత్తబుట్టలోకి కాగితం, అట్ట, పొట్లాలు నేరుగా వస్తాయి. మన ఊళ్లో చెత్త లారీ ఎక్కకముందే అరడజను చేతులు మారుతుంది. పాత పేపర్లు ఇంట్లోనే కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. సీసాలు, అట్టపెట్టెలు పనిమనిషికి. మిగిలిన ప్లాస్టిక్ కుప్ప దగ్గర చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లకు. అంటే మంటకు పనికొచ్చేదంతా మనుషులు తమ పొట్టకోసం ఏరుకున్నాక, వండి పారేసిన కూర, కడిగిన నీళ్లు, ఊడ్చిన మట్టి లారీకి మిగులుతాయి. మన పేదరికమే మన చెత్త కేలరీలు ముందుగా తినేసింది. ఆ సంగతి పసిగట్టాలంటే ఓ వంద సంచులు, ఓ ఏడాది, ఒక ఓవెను చాలు. కొనేముందు తూచి చూసుకోవడం వంకాయల విషయంలో మనకు వచ్చు, ప్లాంట్ల విషయంలో రాదు.

మన దగ్గరా 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో ఒకటి, విజయవాడలో ఒకటి, ఆరేసి మెగావాట్ల దరిదాపు ప్లాంట్లు వచ్చాయి. చెత్తతో పాటు వ్యవసాయ వ్యర్థాలూ కలిపి కాల్చాల్సి వచ్చింది. తడి సరుకుకు పొట్టు తోడివ్వడం తప్పేం కాదు, ఎంత పొట్టు ఎంత చెత్త అన్నది బోర్డు మీద రాస్తే.

సిమెంటు కిలను దగ్గరికి వస్తే నాటకం తిరగబడుతుంది. తాండూరులోనో, మేళ్లచెరువులోనో, ఎర్రగుంట్లలోనో ప్రీహీటర్ టవర్ ఉన్న ప్రతి ఫ్యాక్టరీకీ తెలిసిన సంగతి ఇది. తడి చెత్త కాల్సినర్‌లోకి పడగానే అక్కడ 880 దగ్గర నిలవాల్సిన వేడి జారుతుంది. కంట్రోల్ రూములో కుర్రాడు బొగ్గు పెంచుతాడు. ఆవిరీ పొగా కలిసి వాయువు ఎక్కువై ఐడీ ఫ్యాన్ ఊపిరాడక హద్దుకు చేరుతుంది. లాగే శక్తి లేకపోతే ముడిపొడి తగ్గించాలి, అంటే క్లింకర్ తగ్గుతుంది. ఇంతలో పొడి ప్లాస్టిక్ ఉండ ఒకటి వచ్చి పడుతుంది, ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడు ఒక్కసారి లేస్తుంది. కుర్రాడు ఈసారి చెత్తే ఆపేస్తాడు. సగటు విలువ బావుండొచ్చు. కిలను సగటును కాల్చదు, ఈ నిమిషం పడినదాన్ని కాలుస్తుంది.

అందుకే కొనేవాడి ల్యాబులో "యాజ్ రిసీవ్డ్" అనేది దేవుడి మాట. వచ్చింది వచ్చినట్టు, తడితో సహా. ఇటు పంపేవాడి కాగితంలో "డ్రై బేసిస్" దేవుడి మాట. ఒకే లారీ రెండు ల్యాబులు తిరిగి రెండు జాతకాలు రాయించుకుంటుంది. ఒకదాంట్లో రాజయోగం, ఇంకోదాంట్లో ఏలినాటి శని. రెండూ నిజాయితీగా రాసినవే. జాతకాలు కలవలేదని లారీ గేటు దగ్గరే రెండు రోజులు ఆగిపోతుంది, ఆ రెండు రోజులూ మళ్లీ వాన.

మరి ఆరబెట్టొచ్చు గదా అంటారు. ఆరబెట్టొచ్చు. పెద్ద ప్లాంట్లలో లోతైన గుంతలో అయిదారు రోజులు పోసి ఉంచుతారు. సొంత బరువుకు రసం కిందికి దిగుతుంది, కుళ్లేటప్పుడు పుట్టే వేడికి కొంత ఆవిరవుతుంది, క్రేనుతో ఎత్తి పోస్తూ కలుపుతారు. రేకుల షెడ్డు కింద గాలి ఊదుతూ ఆరబెట్టే పద్ధతీ ఉంది. మా వంద కిలోలనే తీసుకోండి. తడి 25 శాతానికి దిగిందంటే మొత్తం తూకం 60 కిలోలవుతుంది, అందులో నీరు 15. కుళ్లడంలో పోయే కొంచెం సరుకును పక్కన పెడితే, లెక్క మళ్లీ కడితే కిలోకు 2,185 వస్తుంది. అంటే రెట్టింపు. అప్పుడు కాల్చొచ్చు, ఎవరి దయా అక్కర్లేదు.

చూశారుగా, 100 కిలోలు 60 అయ్యాయి. అసలు కథంతా ఇక్కడుంది. పది టన్నుల లారీ ఆరు టన్నులైతే, టన్నుకింత అని బిల్లు రాసేవాడికి నాలుగు టన్నులు గాల్లో కలిశాయి. చెత్త ఆరబెట్టడమంటే అతనికి ఆదాయం ఆరబెట్టడం. పైగా కారిన రసాన్ని శుద్ధి చేసే ఖర్చు వేరే. ఇంతకన్నా తడిని తడిగా తూచి, కాగితం మీద ఆరబెట్టడం చౌక. కాగితం మీద ఎండకు కరెంటు బిల్లు రాదు. ఇంట్లో తడీ పొడీ రెండు డబ్బాల్లో వేసి, బండి దగ్గర ఒకే డబ్బాలో గుమ్మరించడాన్ని మనం అలసత్వం అనుకుంటున్నాం. అందులో కాస్త గణితం కూడా ఉందని నా అనుమానం. తడి చెత్త విడిగా కంపోస్టుకు వెళ్తే, లారీ తేలికవుతుంది.

ఇంజనీరు గారి సంచీ సంగతి చెప్పలేదు గదా. నేను దాన్ని పరీక్ష చేశాను. 4,600 వచ్చింది. రిపోర్టులో "శాంపిల్ మేం తీసింది కాదు, తెచ్చి ఇచ్చింది" అని రాశాను. ఆ వాక్యం చదివి ఆయన నొచ్చుకున్నారు. "అదెందుకండీ, అనవసరంగా" అన్నారు. నేను ఇంకోటి అడిగాను. సంచీ కాదు, వాళ్ల యార్డు కాటా రిజిస్టరు.

పాపం, మంచి మనిషి, తెప్పించారు. చెత్త తడి తెలుసుకోవడానికి ఓవెను కూడా అక్కర్లేదని ఆ రోజు నాకు తెలిసొచ్చింది. ఒకే టిప్పర్, ఒకే నంబరు, రోజూ అంచు దాకా నింపి వల కట్టుకుని వచ్చేది. మే నెలలో ట్రిప్పుకు ఆరున్నర, ఏడు టన్నులు. ఆగస్టు రెండో వారంలో తొమ్మిదిన్నర. అదే డబ్బా, అదే మట్టం, అదే వీధులు. జనం మూడు నెలల్లో నలభై శాతం ఎక్కువ తినడం మొదలుపెట్టలేదు కదా. రెండు అంకెల మధ్య తేడాలో చాలా భాగం ఆకాశం నుంచి పడిందే, దానికీ టన్ను లెక్కనే డబ్బు కట్టారు.

ఆ వరసలు వేలితో చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు పేజీలు అటూ ఇటూ తిప్పారు. కాసేపు మాట్లాడలేదు. తరవాత రిజిస్టరు మూసి, జాగ్రత్తగా సంచీలో పెట్టుకుని, లేచి నిలబడి అడిగారు.

"అయితే మే నెల శాంపిల్ పెట్టమంటారా?"